గోడ మీద "స్పీక్ అప్", కాల్‌లో "ఆల్ గ్రీన్": కల్చర్ మార్పు ఎక్కడ ఇరుక్కుంటుంది?

ఆర్గనైజేషనల్ బిహేవియర్, అదే ఓబీ పేపర్లో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది, ఆర్గనైజేషనల్ కల్చర్ లెవెల్స్ వివరించి, కల్చర్ మార్చబోతే రెసిస్టెన్స్ ఎందుకొస్తుందో రాయండి అని. ఆదివారాలు బెంగళూరులో మా బీటీఎం లేఅవుట్ రూమ్‌కి చదువుకోడానికి వచ్చే జూనియర్స్ ఆన్సర్లు చూస్తే అందరిదీ ఒకటే పద్ధతి. మొదటి పేజీ నిండా షైన్ గారి మూడు లెవెల్స్, పక్కన ఒక బొమ్మ, రెండో పేజీలో భయం, అలవాటు, అపోహ, స్వార్థం అంటూ ఒక చిట్టా. ఆ పేజీకీ ఈ పేజీకీ చుట్టరికమే ఉండదు. నిజానికి రెండో ప్రశ్నకి జవాబు మొదటిదాంట్లోనే ఉంది, మూడో లెవెల్ ఏంటో సరిగ్గా పట్టుకుంటే రెసిస్టెన్స్ గురించి వేరే చిట్టా బట్టీ పట్టక్కర్లేదు.

లెవెల్స్ సంగతి త్వరగా కానిచ్చేద్దాం. ఎడ్గర్ షైన్ అమెరికాలో ఎంఐటీ స్లోన్ స్కూల్ ప్రొఫెసర్‌గా ఉండేవాడు, 1980ల మధ్యలో ఈ మోడల్ పెట్టాడు. పైన ఉండేవి ఆర్టిఫాక్ట్స్, అంటే ఆఫీసులోకి కొత్తగా అడుగుపెట్టిన మనిషికి కంటికి కనపడేవి, చెవికి వినపడేవి అన్నీ, సీటింగ్, డ్రెస్, ఎవర్ని ఎలా పిలుస్తున్నారు, మీటింగ్ ఎలా జరుగుతోంది, అన్నీ. వాటి కింద ఎస్పౌజ్డ్ వాల్యూస్, కంపెనీ "మేము ఇలాంటివాళ్ళం" అని తన గురించి తాను చెప్పుకునేవి. అన్నిటికంటే అడుగున బేసిక్ అండర్‌లైయింగ్ అసంప్షన్స్, వీటి గురించి ఎవరూ మాట్లాడరు, దాచిపెట్టాలని కాదు, అది కూడా మాట్లాడాల్సిన విషయమేనని ఎవరికీ తట్టదు కాబట్టి. షైన్ గట్టిగా చెప్పేదేంటంటే ఆర్టిఫాక్ట్స్ చూడటం తేలిక, అర్థం చెప్పడం కష్టం. ఒక ఆఫీసులో అందరూ మేనేజర్‌ని "సార్" అంటున్నారనుకోండి, అది భయమా, మర్యాదా, ఊరికే అలవాటా? కంటితో చూసి తేల్చలేం.

ఇక్కడిదాకా అందరూ రాస్తారు. ఇప్పుడు ఒక కేసు తీసుకుందాం, ఎందుకంటే ఈ టాపిక్ కేసు లేకుండా గాల్లో ఉంటుంది.

మా పెదనాన్న కొడుకు ఇక్కడే మారతహళ్లి వైపు ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో టెస్ట్ లీడ్, కంపెనీ పేరు వద్దులెండి. వాళ్ళ క్లయింట్ యూరప్‌లో ఒక ఇన్సూరెన్స్ వాళ్ళు. ప్రతి సోమవారం స్టేటస్ కాల్, దానికి ఒక షీట్, ఒక్కో మాడ్యూల్‌కి ఒక్కో వరస, పక్కన రంగు: గ్రీన్ అంటే బాగుంది, యాంబర్ అంటే డౌటు, రెడ్ అంటే మునిగిపోతోంది. ఆఫీసులో క్యాబిన్లు తీసేశారు, డెలివరీ మేనేజర్ కూడా అందరితో పాటే బెంచీ టైపు టేబుల్ దగ్గర కూర్చుంటాడు, పేరు పెట్టే పిలుస్తారు, లిఫ్ట్ పక్కన గోడ మీద పెద్దక్షరాలతో "స్పీక్ అప్". ఇండక్షన్ స్లైడ్లలో మొదటి వాల్యూ ట్రాన్స్‌పరెన్సీ. ఇవన్నీ బాగానే ఉన్నాయి, కానీ ఆ షీట్ మాత్రం రిలీజ్‌కి వారం ముందుదాకా పై నుంచి కింద దాకా పచ్చగా ఉంటుంది, ఆ చివరి వారంలో ఒక్కసారిగా సగం వరసలు ఎర్రబడతాయి. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ వాళ్ళు దీన్ని పుచ్చకాయ స్టేటస్ అంటారు, పైకి పచ్చన, కోస్తే ఎరుపు.

మరి ఆ నిజం అంతవరకూ ఎవరికీ తెలీదా అంటే, అందరికీ తెలుసు. ఆఫీసు గేటు బయట ఒక కాండిమెంట్స్ షాపు ఉంది, నాలుగున్నరకి మనవాళ్ళందరూ టీకి దిగేది అక్కడికే, అనంతపురం, కడప, నెల్లూరు, ఒక హైదరాబాద్ కుర్రాడు. పేమెంట్స్ మాడ్యూల్ అస్సలు నిలబడదని, డేటా మైగ్రేషన్ స్క్రిప్టు రెండుసార్లు ఫెయిలైందని, ఆ తేదీకి అయ్యే పని కాదని, మొత్తం అక్కడ తెలుగులో మాట్లాడేసుకుంటారు. మళ్ళీ లిఫ్ట్ ఎక్కి పైకెళ్ళి కాల్‌లో "ఆల్ గ్రీన్". ఒకసారి నేను కూడా ఆ టీ దగ్గరే ఉన్నా, "ఇదంతా కాల్‌లో చెప్పొచ్చు కదన్నా" అంటే మా అన్న నన్ను చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసి "రేయ్, చెప్తే ఏమవుతుందో నీకేం తెలుసు" అన్నాడు.

ఆ "ఏమవుతుందో" అన్నదే మూడో లెవెల్‌కి దారి. ఏమైందంటే, రెండేళ్ళ క్రితం ఒకమ్మాయి, మాడ్యూల్ లీడ్, రిలీజ్‌కి ఇంకా ఆరు వారాలుండగానే తన వరసలో యాంబర్ పెట్టింది. ఎవరూ ఒక్క మాట అన్లేదు, అరవలేదు, తిట్టలేదు. కానీ మర్నాటి నుంచి రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆ మాడ్యూల్ మీద స్పెషల్ కాల్, దానికి ముందు ఒక రిపోర్టు, ఎందుకిలా అయింది, ఎప్పటికి గ్రీన్ అవుతుంది, ఎవరు బాధ్యులు అని. ఫిక్స్ చేయాల్సిన టైమంతా రిపోర్టుకే పోయింది. ఏడాది చివర అప్రైజల్‌లో "స్టేక్‌హోల్డర్లని ఇంకా బాగా మేనేజ్ చేయాలి" అని ఒక లైను. అదే రిలీజ్‌లో పక్క మాడ్యూల్ వాడు చివరిదాకా గ్రీన్ పెట్టి, ఆఖరి శని, ఆదివారాలు టీమ్‌ని రాత్రుళ్ళు కూర్చోబెట్టి ఎలాగో గట్టెక్కించాడు, వాడికి టౌన్‌హాల్‌లో అవార్డు, చప్పట్లు.

ఈ రెండూ పక్కపక్కన చూసిన ముప్పై మందికి ఇంకే ట్రైనింగూ అక్కర్లేదు. వాళ్ళకి అర్థమైంది ఇది: సమస్య ముందే చెప్పినవాడే సమస్య అవుతాడు, చివర్లో ఆదుకున్నవాడు హీరో అవుతాడు. ఇది ఎక్కడా రాసి లేదు, ఎవరూ నేర్పలేదు, హెచ్ఆర్‌ని అడిగితే "ఛ ఛ, అలాంటిదేం లేదు" అంటారు, నిజంగానే అంటారు, అబద్ధం కాదు. కానీ షీట్‌లో ఏ రంగు పెట్టాలో నిర్ణయించేది మాత్రం ఇదే. పరీక్షలో "అసంప్షన్" అంటే డెఫినిషన్ ఒక్కటే రాయకండి, ఇలా ఒక పూర్తి వాక్యంగా రాయండి, "ఇక్కడ అందరూ నమ్మేదేంటంటే" అని మొదలుపెట్టి. అలా వాక్యంగా రాయలేకపోతే అసంప్షన్ ఇంకా దొరకలేదనే లెక్క.

దాన్ని పట్టుకోడానికి షైన్ చెప్పిన పద్ధతి చాలా సింపుల్. అసలు ఏ బిజినెస్ సమస్య కోసం కల్చర్ గురించి ఆలోచిస్తున్నామో ముందు అది తేల్చుకోవాలి (ఇక్కడ, రిలీజులు చివరి వారంలో కుప్పకూలడం). తర్వాత లోపలి మనుషుల్ని ఒక గ్రూపుగా కూర్చోబెట్టి ఆర్టిఫాక్ట్స్ అన్నీ చెప్పించాలి, ఆపైన కంపెనీ చెప్పుకునే వాల్యూస్ చెప్పించాలి, రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కడ పొంతన కుదరట్లేదో చూడాలి. ట్రాన్స్‌పరెన్సీ అంటున్నారు, షీట్ చివరిదాకా పచ్చగానే ఉంటోంది, ఆ సందులోనే అసంప్షన్ ఉంటుంది. సర్వే ఫారాలతో ఇది బయటపడదని షైన్ వాదన, ఎందుకంటే మనిషికి తనకే తెలీకుండా ఉన్నదాన్ని ఒకటి నుంచి ఐదు దాకా టిక్ పెట్టమంటే ఏం పెడతాడు. సర్వేలో మహా అయితే క్లైమేట్ తెలుస్తుంది, అంటే ప్రస్తుతం జనాల మూడ్ ఎలా ఉందో అది.

ఇక్కడొక పక్కదారి, కానీ అవసరం. మనవాళ్ళు వెంటనే అనేమాట ఒకటుంది, "ఇదంతా మన ఇండియన్స్ హైరార్కీ అండీ, పెద్దవాళ్ళ ముందు నోరెత్తం" అని, పెద్దాచిన్నా తేడాని జనం ఎంత ఒప్పుకుంటారో దేశాలవారీగా చెప్పే హాఫ్‌స్టెడ్ పవర్ డిస్టెన్స్‌లో ఇండియా స్కోరు 77 అని కూడా రాసేస్తారు. స్కోరు నిజమే, కానీ అది నేషనల్ కల్చర్. అదే ఇండియన్లు, అదే మారతహళ్లిలో, పక్క బిల్డింగ్ కంపెనీలో మొదటి వారమే రెడ్ పెడుతున్నారంటే తేడా దేశంలో లేదు, ఆ ఆఫీసు తన చరిత్రలోంచి నేర్చుకున్నదాంట్లో ఉంది. రెండిటినీ కలిపేస్తే ఎగ్జామినర్‌కి చిరాకొస్తుంది, వచ్చినా తప్పులేదు.

ఇప్పుడు అసలు ముడి. ఈ అసంప్షన్ ఎందుకంత గట్టిగా ఉంటుంది? అది ఒకప్పుడు పనిచేసింది కాబట్టి. షైన్ కల్చర్‌కి ఇచ్చిన డెఫినిషన్‌లోనే ఇది ఉంది, ఒక గ్రూపు తన సమస్యల్ని పరిష్కరించుకుంటూ నేర్చుకున్నది, బాగా పనిచేసింది కాబట్టి ఇదే సరైనదని కొత్తవాళ్ళకి కూడా నేర్పేది. అంటే అసంప్షన్ ఒక పాత విజయం. దీనికి షైన్ దగ్గరుండి చూసిన కేసే అన్నిటికన్నా మంచి ఉదాహరణ, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్, అందరూ డెక్ అనేవాళ్ళు.

1957లో కెన్ ఓల్సన్, హార్లన్ ఆండర్సన్ కలిసి మసాచుసెట్స్‌లోని మేనార్డ్ అనే ఊళ్ళో ఒక పాత ఉన్ని మిల్లులో మొదలుపెట్టిన కంప్యూటర్ కంపెనీ అది. షైన్ 1966లో కన్సల్టెంట్‌గా వెళ్ళాడు. మీటింగుల్లో చూస్తే ఒకరి మాట ఒకరు వినరు, మధ్యలో అందుకోవడం, అరుపులు, ఎదురెదురుగా వాదనలు. కన్సల్టెంట్ కదా, బాబూ కాస్త ఒకర్నొకరు వినండి అని సలహాలిచ్చాడు. వాళ్ళు థాంక్స్ చెప్పారు, ఒప్పుకున్నారు కూడా, మర్నాడు మళ్ళీ అదే గోల. చాన్నాళ్ళకి గానీ ఆయనకి అర్థం కాలేదు, ఆ అరుపుల కింద ఒక నమ్మకం ఉందని: ఐడియా ఎవరిదైనా కావచ్చు, కానీ ఎంత తెలివైనవాడికైనా తన ఐడియా నిజంగా మంచిదో కాదో ఒంటరిగా తెలీదు, మిగతావాళ్ళందరూ దాన్ని చీల్చి చెండాడాక కూడా నిలబడితేనే అది నిజం. అలాంటి చోట మర్యాదగా వినమనడం అంటే నిజం తేల్చుకునే పద్ధతినే ఆపేయమనడం. అది తెలిశాక ఆయన సలహాలు మానేసి ఫ్లిప్ చార్ట్ దగ్గరకెళ్ళి నిలబడ్డాడు, ఎవరైనా చెప్తుండగా మధ్యలో ఇంకొకరు అందుకుంటే "ఆ పాయింట్ నేను పూర్తిగా రాసుకోలేదు, మళ్ళీ చెప్పండి" అనేవాడు. ఆ చార్ట్ వాళ్ళకి బాగా పనికొచ్చింది, ఎందుకంటే అది వాళ్ళ నమ్మకానికి అడ్డం రాలేదు, ఐడియాలు గోలలో కొట్టుకుపోకుండా కాపాడింది.

రెసిస్టెన్స్ మీద ఇంతకంటే మంచి పాఠం నాకు కనపడలేదు. మొదటిసారి వాళ్ళు "రెసిస్ట్" చేశారు, రెండోసారి చేయలేదు, మనుషులు మాత్రం వాళ్ళే. మొండితనం వాళ్ళ స్వభావంలో ఉంటే రెండోసారి కూడా ఉండాలి కదా.

అదే డెక్ కథలో రెండో సగం కూడా ఉంది, అదే నమ్మకం కంపెనీని ముంచడంలో కూడా చెయ్యి వేసింది. వంద మంది ఉన్నప్పుడు వాదించి తేల్చుకోవడం బాగుంటుంది, లక్షకి పైగా ఉద్యోగులు అయ్యాక వాదించేవాళ్ళకి ఒకరికొకరు తెలీదు, ప్రతి గ్రూపూ తన ప్రాజెక్టే రైటు అనుకుంటుంది, ఎవడూ ఎవడి ప్రాజెక్టునీ ఆపలేడు. 1982లో ఆ కంపెనీ ఒకేసారి మూడు రకాల పర్సనల్ కంప్యూటర్లు బయటపెట్టింది, రెయిన్‌బో, ప్రొఫెషనల్, డెక్‌మేట్ అని, ఒకదానికొకటి పొంతన లేనివి. మార్కెట్ మారుతోందని, ఇలా కుదరదని లోపల చాలామందికి తెలుసు, అయినా ఏదో ఒకటి ఆపి ఒకదాని మీదే నిలబడే పద్ధతి వాళ్ళ కల్చర్‌లో లేదు. 1992లో ఓల్సన్ దిగిపోయాడు, 1998లో కాంపాక్ కొనేసింది. ఇక్కడ గమనించండి, వాళ్ళు ఒక చెడ్డ అలవాటుని పట్టుకుని వేలాడలేదు, తమని అంతదాకా తెచ్చినదాన్నే పట్టుకున్నారు. మార్చుకోమని చెప్పేవాడికి అలవాటు కనిపిస్తుంది, మార్చుకోవాల్సినవాడికి తన గెలుపు కనిపిస్తుంది.

మళ్ళీ మన మారతహళ్లికి వద్దాం. పోయినేడాది వాళ్ళకి బయటి నుంచి కొత్త యూనిట్ హెడ్ వచ్చాడు, వచ్చీరాగానే టౌన్‌హాల్ పెట్టి "రెండు రిలీజులు ఇలాగే పోతే ఈ అకౌంట్ పోతుంది, ఇకనుంచి అందరూ ఓపెన్‌గా మాట్లాడాలి" అన్నాడు. పోస్టర్లు అప్పుడు వేసినవే. అనానిమస్ ప్రశ్నలకి ఒక లింకు కూడా ఇచ్చారు. మొదటి వారం దాంట్లో వచ్చిన ప్రశ్నలు, క్యాబ్ టైమింగ్స్ గురించి, ఫుడ్ కోర్టులో చట్నీ గురించి, అంతే. షీట్ యథాతథంగా పచ్చగా ఉంది. రెండు నెలలకి హెడ్ విసిగిపోయి "ఈ టీమ్‌లో మైండ్‌సెట్ ప్రాబ్లమ్ ఉంది" అన్నాడట.

షైన్ భాషలో చెప్పాలంటే ఆ హెడ్ సర్వైవల్ యాంగ్జైటీ పెంచాడు, లెర్నింగ్ యాంగ్జైటీని ముట్టుకోలేదు. మొదటిది, మారకపోతే మునిగిపోతాం అన్న భయం. రెండోది, మారబోతే నాకేమవుతుంది అన్న భయం. మార్పు మొదలవ్వాలంటే మొదటిది రెండోదానికంటే ఎక్కువ ఉండాలి, ఇది అందరూ రాస్తారు. ఆయన చెప్పిన రెండో మాట మాత్రం చాలామంది వదిలేస్తారు, ఆ తేడా తేవాల్సింది మొదటి భయాన్ని పెంచి కాదు, రెండోదాన్ని తగ్గించి. ఎందుకంటే మొదటిదాన్ని పెంచుకుంటూ పోతే మనిషి ఇంకా బిగుసుకుంటాడు. అకౌంట్ పోతుంది అని బెదిరిస్తే, అకౌంట్ పోయే రోజున ఎవరి వరస ఎర్రగా ఉంటే వాడి పేరే ముందు చూస్తారు కదా అని లెక్కేసుకుంటాడు, అంటే బెదిరింపు వల్ల గ్రీన్ ఇంకా చిక్కబడుతుంది.

లెర్నింగ్ యాంగ్జైటీని షైన్ కొన్ని భయాలుగా విడగొట్టాడు, అవి ఊరికే లిస్టు రాస్తే నిద్రొస్తుంది, ఆఫీసులో మనుషులకి అతికించి చూడండి. రెండేళ్ళ అనుభవం ఉన్న డెవలపర్ ఉన్నాడు, యాంబర్ పెట్టాలంటే ఎస్టిమేట్ ఎక్కడ తప్పిందో నలుగురిలో ఇంగ్లీషులో వివరించాలి, అది వాడికి ఇంకా రాదు, అంటే కొన్నాళ్ళ పాటు చేతకానివాడిలా కనపడాలి, ఆ చేతకానితనానికి అప్రైజల్‌లో శిక్ష పడొచ్చు కూడా. మా అన్న లాంటివాడు ఉన్నాడు, పన్నెండేళ్ళుగా వాడి పేరంతా "వాడికిస్తే ఎలాగైనా గట్టెక్కిస్తాడు" అన్నదాని మీదే నిలబడింది, సమస్యలు ఆరు వారాల ముందే చెప్పి ప్రశాంతంగా సర్దుకునే ఆఫీసులో గట్టెక్కించేవాడి అవసరమేంటి, అంటే పోయేది వాడి గుర్తింపే. టెస్టర్ ఉంది, ఆమె రెడ్ పెడితే అది డెవలపర్ వరసలో కనపడుతుంది, మర్నాడు టీకి ఆమెని పిలుస్తారా? గ్రూపులోంచి వెలి పడతానేమో అన్న భయం అది. ఇక డెలివరీ మేనేజర్, షీట్ నిజం చెప్తే ఆయన క్లయింట్ దగ్గర తేదీలు ఒప్పుకుని వచ్చే అధికారమే పోతుంది. నలుగురు, నాలుగు కారణాలు, పైకి కనిపించేది మాత్రం ఒకటే, గ్రీన్. అందుకే "ఉద్యోగులకి మార్పంటే భయం" అని ఒక్క ముక్కలో రాసేస్తే ఏమీ చెప్పనట్టే.

ఈ భయం ఎక్కువైతే మనుషులు ఏం చేస్తారో కూడా షైన్ వరసగా చెప్పాడు, ఒకవిధంగా ఇది రోగలక్షణాల పట్టీ. మొదట డినయల్, అసలు సమస్యే లేదనడం ("క్లయింట్ ఎప్పుడూ అలాగే అంటాడులే"). తర్వాత స్కేప్‌గోటింగ్, తప్పు ఇంకొకరి మీదకి తోయడం ("ముందు ఆన్‌సైట్ వాళ్ళు మారితే మేం మారతాం"). ఆ తర్వాత బేరం ("సరే, యాంబర్ పెడతాం, కానీ మాకు ఇద్దరు మనుషులు ఎక్కువ ఇవ్వండి"). ఇక్కడ నా అభిప్రాయం ఒకటి, మూడోదాన్ని పుస్తకాలు రెసిస్టెన్స్ అని పక్కన పెట్టేస్తాయి గానీ బేరం మొదలైందంటే మనిషి కదలడం మొదలైనట్టే, ఆ బేరంలో వాళ్ళు అడిగేది చూస్తే ఏ భయం ఎక్కువుందో చెప్పకనే చెప్తున్నారు.

పరీక్షలో దీనికి పక్కన 1948 నాటి కోచ్, ఫ్రెంచ్ స్టడీ ఒక్క పేరా రాయొచ్చు. వర్జీనియాలో హార్వుడ్ అనే పైజామాల ఫ్యాక్టరీ, పని పద్ధతి మారుస్తూ ఒక గ్రూపుకి ఊరికే చెప్పేశారు, మిగతా గ్రూపుల్ని నేరుగానో ప్రతినిధుల ద్వారానో మార్పు తయారీలో కలుపుకున్నారు. ఊరికే చెప్పిన గ్రూపులో ఉత్పత్తి పడిపోయింది, మొదటి 40 రోజుల్లో 17 శాతం మంది మానేసి వెళ్ళిపోయారు, కలుపుకున్న గ్రూపుల్లో త్వరగా కోలుకుంది. మంచి ఆధారమే, కానీ అక్కడ మారింది కుట్టే పద్ధతి, అసంప్షన్ కాదు. పార్టిసిపేషన్ పెడితే కల్చర్ కూడా అలాగే మారిపోతుందని దీన్నిబట్టి రాసేయకండి.

మరి ఏం చేస్తే ఆ షీట్ కదిలింది? మొత్తం యూనిట్‌లో కదల్లేదు, ఒక్క ప్రాజెక్టులో కొంచెం కదిలింది, అక్కడికి వేరే అకౌంట్ నుంచి వచ్చిన ప్రాజెక్ట్ మేనేజర్ ఒకావిడ ఉంది. ఆవిడ స్పీక్ అప్ అన్న మాటే ఎత్తలేదు. చేసిందల్లా, యాంబర్ పెడితే రాత్రి ఎనిమిదింటి కాల్ ఉండదని, రిపోర్టు అడగనని, దానికి బదులు రెండు రోజుల్లో ఒక మనిషిని సాయానికి ఇస్తానని చెప్పింది. సోమవారం క్లయింట్ కాల్ కంటే ముందే, శుక్రవారం, లోపలివాళ్ళం మాత్రమే ఉండే ఒక అరగంట పెట్టింది, అక్కడ యాంబర్ ఎలా వివరించాలో తెలుగో, కన్నడమో, ఇంగ్లీషో, ఏదో ఒకదాంట్లో చెప్పుకుని ప్రాక్టీస్ చేసుకోవచ్చు. మొదటి యాంబర్ ఆవిడే పెట్టింది, తన ప్లానింగ్ వరసలో.

పాయింట్ పాయింట్‌గా చూస్తే ఇవన్నీ షైన్ సైకలాజికల్ సేఫ్టీ కోసం చెప్పినవే, రోల్ మోడల్, తప్పు చేసినా ఫర్వాలేదనే ప్రాక్టీస్ చోటు, కొత్త ప్రవర్తనకి సరిపోయే సిస్టమ్స్. ఆయన ఇంకో విభజన కూడా ఇందులోకే వస్తుంది: లీడర్లు కల్చర్‌ని నాటే పద్ధతుల్లో ప్రైమరీ, సెకండరీ అని రెండున్నాయి. లీడర్ దేన్ని పట్టించుకుంటాడు, కొలుస్తాడు, గండం వచ్చినప్పుడు ఎలా స్పందిస్తాడు, డబ్బూ మనుషుల్నీ ఎటు మళ్ళిస్తాడు, ఎవరికి ప్రమోషన్ ఇస్తాడు, ఇవి ప్రైమరీ. పోస్టర్లు, ఆఫీసు డిజైన్, రాతపూర్వక వాల్యూస్ సెకండరీ, ప్రైమరీకి అనుగుణంగా ఉంటేనే వాటికి బలం. యూనిట్ హెడ్ ఖర్చంతా సెకండరీ మీద పెట్టాడు, ఈవిడ పైసా ఖర్చు లేకుండా ప్రైమరీ రెండు మార్చింది.

అయినా మొదటి నెల వచ్చిన యాంబర్లు రెండే, అవీ చిన్న చిన్నవి, ఒక రిపోర్టు ఫార్మాట్ గురించి ఒకటి. ఇది ఫెయిల్యూర్ కాదు, జనాలు నీళ్ళలో కాలు పెట్టి చూస్తున్నారు అంతే. అసలు పరీక్ష మూడో నెలలో వచ్చింది, పేమెంట్స్ మాడ్యూల్‌లో ఐదు వారాల ముందే రెడ్ పడింది, క్లయింట్ వైపు నుంచి ఘాటుగా మెయిల్ వచ్చింది, ఎవరు బాధ్యులని. మా అన్న చెప్పినదాని ప్రకారం ఆ రోజు టీమంతా ఆవిడ రిప్లైలో ఏం రాస్తుందా అని ఎదురుచూశారట. "ఇది మాకు ఐదు వారాల ముందే తెలియడం మా టీమ్ వల్లే, ప్లాన్ ఇదిగో" అని రాసి, టీమ్‌ని కాపీలో పెట్టింది. తర్వాతి వారం షీట్‌లో యాంబర్లు పెరిగాయి. క్రైసిస్‌లో లీడర్ రియాక్షన్‌కి షైన్ ఎందుకంత బరువిచ్చాడో ఈ ఒక్క మెయిల్‌తో అర్థమవుతుంది.

మారిందా లేదా అని ఎలా తెలుస్తుందంటే, యాంబర్లు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకండి, ఆర్డరేస్తే ఎన్నైనా వస్తాయి. మొదటి యాంబర్ తేదీకీ రిలీజ్ తేదీకీ మధ్య దూరం చూడండి, అది రిలీజు రిలీజుకీ పెరుగుతుంటే మారుతున్నట్టు. ఇంకోటి, ముందు చెప్పినవాళ్ళకి ఏడాది చివర ఏమైందో చూడండి. లెవిన్ మోడల్‌లో మూడో మెట్టు రీఫ్రీజ్ అని రాస్తారు కదా, అన్‌ఫ్రీజ్, చేంజ్ తర్వాత, అది జరిగేది ట్రైనింగ్ సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు కాదు, ఆ అప్రైజల్ సైకిల్‌లోనే. కొత్త ప్రవర్తన వల్ల పనీ బాగుపడి, మనిషీ బాగుపడ్డాడని జనం కళ్ళారా చూస్తేనే పాత అసంప్షన్ స్థానంలో కొత్తది కూర్చుంటుంది. అప్పటిదాకా జరిగేదంతా ప్రవర్తనలో మార్పే, ఆవిడ వేరే అకౌంట్‌కి వెళ్ళిపోతే రెండు రిలీజుల్లో మళ్ళీ పచ్చబడొచ్చు.

చివరిగా, పది మార్కుల ప్రశ్న అయితే మోడల్‌కి ఉన్న హద్దు కూడా ఒకటి రాయండి. షైన్‌ని చదివితే కంపెనీ మొత్తానికి ఒకటే కల్చర్ ఉన్నట్టు అనిపిస్తుంది. 1992లో జోవాన్ మార్టిన్ మూడు కోణాలు చెప్పింది, ఇంటిగ్రేషన్ అంటే అందరిదీ ఒకటే, డిఫరెన్షియేషన్ అంటే గ్రూపుకో కల్చర్, ఫ్రాగ్మెంటేషన్ అంటే అసలు ఏదీ స్పష్టంగా ఉండదు, విషయాన్నిబట్టి మారుతుంటుంది. మన కేసులోనే చూడండి, ఆన్‌సైట్ కోఆర్డినేటర్ రోజూ క్లయింట్ పక్కనే కూర్చుంటాడు, వాడికి రెడ్ దాచడం అంటే మర్నాడు మొహం చూపించలేకపోవడం, ఇక్కడి టీమ్‌కి రెడ్ పెట్టడం అంటే అప్రైజల్ పోవడం. షీట్ ఒకటే, కంపెనీ ఒకటే, అసంప్షన్లు రెండు. ఆ కోఆర్డినేటర్ ఎన్నిసార్లు "నిజం చెప్పండి బాబూ" అని మొత్తుకున్నా ఇక్కడివాళ్ళు ఎందుకు చెప్పలేదో, ఇక్కడివాళ్ళ దృష్టిలో వాడు ఎందుకు "క్లయింట్ మనిషి" అయిపోయాడో షైన్ మోడల్ ఒక్కటీ పట్టుకుంటే సగమే తెలుస్తుంది, మిగతా సగానికి మార్టిన్ చెప్పిన డిఫరెన్షియేషన్ కావాలి.